పేదరికంతో మొదలుకాని క్రీడాకారిణి కథ: 1.8 సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

కాజీపేట కలం:

అందరికీ నమస్కారం. నేను ఒక పత్రిక జిల్లా అనుబంధానికి అప్పుడప్పుడూ క్రీడా కథనాలు రాస్తుంటాను. వరంగల్‌కు దగ్గరలోని ఒక పల్లెకు చెందిన 17 ఏళ్ల అమ్మాయి ఈ ఏడాది రాష్ట్ర స్థాయి పోటీల్లో 400 మీటర్ల పరుగును 57.8 సెకన్లలో ముగించి రెండో స్థానంలో నిలిచింది. కిందటేడు అదే పోటీలో ఆమె 59.6 సెకన్లు తీసుకుని ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. తండ్రి ఎనుమాముల మార్కెట్‌లో హమాలీగా పనిచేస్తారు, తల్లి పత్తి ఏరే కాలంలో కూలికి వెళ్తారు. ఆమె గురించి 900 పదాల కథనం రాయమని నన్ను అడిగారు.

నేను రాసి పంపిన మొదటి పేరా ఇది: “రేకుల ఇంట్లో మెరిసిన మట్టిలో మాణిక్యం ఆమె. పూట గడవని కుటుంబంలో పుట్టినా పట్టు వదలని పట్టుదలతో కష్టాలకు ఎదురీదింది. చివరి వంద మీటర్లలో చిరుతలా దూసుకెళ్లి రజతాన్ని ముద్దాడింది.”

డెస్క్ నుంచి ఒకే వాక్యం తిరిగి వచ్చింది: “పేరు మారిస్తే ఇది పోయిన నెల మనం వేసిన కుస్తీ అబ్బాయి కథే.” చదువుకుంటే నిజమే అనిపించింది. అయితే ఆ ఇంటి పరిస్థితి అబద్ధం కాదు కదా, దాన్ని వదిలేస్తే ఆమె గురించి నా దగ్గర మిగిలేది ఏమిటన్నది నాకు తెలియడం లేదు. పెద్దలు దయచేసి చెప్పగలరు.

ఓరుగల్లు వాసి:

తమ్ముడూ, ఇంటి పరిస్థితి రాయకపోతే దాతలు ఎలా ముందుకు వస్తారు? మా కాలనీ వాళ్లం ఒక పిల్లవాడికి పరుగు పందేలకు వేసుకునే స్పైక్స్ బూట్లు కొనిచ్చింది పేపర్‌లో వచ్చిన అలాంటి వార్త చూసే. ఆ అమ్మాయి తండ్రి బ్యాంకు ఖాతా నంబరు ఇక్కడ పెట్టండి, నాకు చేతనైనది పంపిస్తాను.

పాత డెస్క్:

ఓరుగల్లు వాసి గారూ, మీ మనసు మంచిది. అయితే ఆయన అడిగింది విరాళాల గురించి కాదు, కథనం ఎలా రాయాలన్నది. ఖాతా నంబరును మాత్రం ఇలాంటి చోట పెట్టవద్దని నా మనవి.

కలం గారూ, నేను ఇరవై రెండేళ్లు క్రీడా పేజీ చూశాను. మీరు పంపినటువంటి పేరాలను ఎన్ని దిద్దానో లెక్క లేదు, నిజం చెప్పాలంటే వాటిలో కొన్నింటిని నేనే రాశాను. అవి ఎందుకు ఒకేలా వస్తాయో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పతకం వచ్చిన మర్నాడు విలేకరి అమ్మాయి ఇంటికి వెళ్తాడు. అక్కడ అతనికి కనిపించేవి రేకులు, మంచం, గోడకు తగిలించిన మెడల్స్, కన్నీళ్లు పెట్టుకునే తల్లి. అతను మైదానానికి వెళ్లడు కాబట్టి అక్కడ జరిగినది కథలోకి రాదు. చూసినదే రాశాడు పాపం, చూడవలసిన చోటు చూడలేదు, అంతే.

మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. ఆ రోజు ఆమె వెనుక రెండో స్థానంలో వచ్చింది టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్. అదే ఓండర్ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో 54.96తో ఆ రికార్డును తన పేరిట రాసుకుంది. మర్నాటి ఫైనల్‌లో ఉక్రెయిన్ అమ్మాయి యులియా షులియార్ 55.16తో ఇద్దరినీ దాటి స్వర్ణం తీసుకుపోయింది, దీప్తి 55.82తో కాంస్యం గెలిచింది. నాలుగు నెలల్లో ముగ్గురి మధ్య ఇంత జరిగింది. నేను చదివిన తెలుగు కథనాల్లో మాత్రం ఊరివాళ్లు చిన్నప్పుడు ఏమని వెక్కిరించారన్నదానికి సగం పేజీ దక్కితే, ఈ ముగ్గురి పోటీకి ఒక వాక్యం దక్కింది.

మీ చేతిలోనూ అలాంటిదే ఒకటి ఉంది, మీరు దాన్ని గమనించలేదు. 59.6 నుంచి 57.8కి అంటే ఒక్క ఏడాదిలో 1.8 సెకన్లు. 400 మీటర్లలో అది చిన్న సంగతి కాదు. తండ్రి హమాలీ అన్న సంగతి కిందటేడూ ఉంది, ఈ ఏడూ ఉంది, కనుక ఆ 1.8 సెకన్లకు అది జవాబు కాలేదు. మరి జవాబు ఏమిటో కనుక్కోండి. కథ అక్కడ దొరుకుతుంది.

స్టాప్‌వాచ్ సార్:

నేను ప్రభుత్వ పాఠశాలలో పీఈటీని. జవాబు నేను చెప్తాను, ఇందులో రహస్యం ఏమీ లేదు. స్టామినా పెరిగింది. మన పిల్లలు మొదట్లోనే శక్తినంతా ఖర్చు చేసి చివర్లో చతికిలబడతారు. 400ను రెండు సమాన భాగాలుగా పరుగెత్తాలి. మొదటి 200 ఎంతో రెండో 200 అంతే ఉండాలి. అది కుదిరితే చివరి వందలో మిగతావాళ్లు అలసిపోయి ఉంటారు, మన అమ్మాయి వేగం పెంచి దాటిపోతుంది. కలం గారు రాసిన చిరుత పోలికలో నాకైతే తప్పు కనిపించలేదు.

ఫినిష్ లైన్:

నేను చాలా ఏళ్లుగా అథ్లెటిక్స్ పోటీల్లో టైమ్‌కీపర్‌గా పనిచేస్తున్నాను. 2021 సెప్టెంబరులో హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు ప్రేక్షకుడిగా ఆ ఐదు రోజులూ అక్కడే గడిపాను. హర్మిలన్ బెయిన్స్ 1500 మీటర్లలో 4 నిమిషాల 5.39 సెకన్లతో జాతీయ రికార్డు నెలకొల్పినది మన ట్రాక్ మీదే అన్న సంగతి ఇప్పటికీ చాలామందికి గుర్తు లేదు. సరే, అసలు విషయానికి వస్తాను.

సార్ చెప్పినదాంట్లో మొదటి సగం సరైనది. కొత్త పిల్లలు మొదట్లోనే ఖర్చయిపోతారు, దీన్ని ఏ మీట్‌లోనైనా చూడవచ్చు. కానీ రెండు సగాలూ సమానంగా పరుగెత్తే 400 మీటర్ల రన్నర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. అత్యుత్తమ క్రీడాకారులకు కూడా రెండో 200 సాధారణంగా ఒకటి నుంచి మూడు సెకన్ల వరకు ఎక్కువే పడుతుంది. అందరి గరిష్ఠ వేగం మొదటి వంద మీటర్ల దరిదాపుల్లోనే వచ్చేస్తుంది, ఆ తర్వాత పడుతూ పోవడమే తప్ప పెరగడం ఉండదు. చివరి వందలో ఎవరైనా దూసుకుపోతున్నట్టు కనిపిస్తే, ఆమె కూడా నెమ్మదిస్తూనే ఉందని, పక్కవాళ్లు ఇంకా ఎక్కువ నెమ్మదిస్తున్నారని అర్థం. అందువల్ల కలం గారి చిరుత వాక్యం పాతబడిన పోలిక కావడం అటుంచి, జరిగిన విషయంగా చూసినా తప్పు.

ఆ 1.8 సెకన్లు ఎక్కడివో తేల్చడానికి ఒక మార్గం ఉంది. రెండేళ్ల పరుగులనూ ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి ఉంటారు, అడిగి తీసుకోండి. స్టార్టర్ తుపాకీ పొగ కనిపించిన క్షణం నుంచి, ఆమె లేన్‌లో 200 మీటర్ల పోటీ మొదలయ్యే గీత ఉంటుంది చూడండి, దాన్ని ఆమె ఛాతీ దాటే క్షణం వరకు లెక్కపెట్టండి. ఆ గీత నుంచి ముగింపు వరకు ఏ లేన్‌లోనైనా సరిగ్గా 200 మీటర్లే ఉంటుంది. ఇందులో జాగ్రత్త పడవలసినది ఒకటి ఉంది. గ్యాలరీ నుంచి ఏటవాలుగా తీసిన వీడియోలో రెండు మూడు పదోవంతుల సెకను తేడా రావచ్చు కాబట్టి, అంతకంటే చిన్న తేడా మీద కథ కట్టకండి. అలాగే రెండేళ్లూ ఎలక్ట్రానిక్ టైమింగేనా అని నిర్వాహకులను అడగండి. ఒక ఏడాది చేతి గడియారంతో కొలిచి ఉంటే, 400 మీటర్లలో దానికి 0.14 సెకను కలిపి గాని పోల్చకూడదు.

కాజీపేట కలం:

ఫినిష్ లైన్ గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రెండు వీడియోలూ ఆమె అన్నయ్య ఫోన్‌లో ఉన్నాయి. రెండేళ్లూ ఎలక్ట్రానిక్ టైమింగే అని నిర్వాహకులు చెప్పారు. ఆదివారం కూర్చుని నాలుగైదు సార్లు లెక్కపెట్టాను.

కిందటేడు మొదటి 200 మీటర్లు సుమారు 26.4 సెకన్లు, మిగిలిన 200 మీటర్లు 33.2. ఈ ఏడాది మొదటి సగం 27.5, రెండో సగం 30.3. అంటే ఆమె మొదటి సగాన్ని సెకను కంటే ఎక్కువ నెమ్మదిగా పరుగెత్తి, రెండో సగంలో దాదాపు మూడు సెకన్లు సంపాదించింది. తేడా మీరు చెప్పిన హద్దు కంటే చాలా పెద్దది కనుక ధైర్యంగానే రాయవచ్చనుకుంటున్నాను.

సోమవారం ఉదయం ప్రాక్టీసుకు వెళ్లాను. వాళ్ల కోచ్ 200 మీటర్ల గీత దగ్గర ఈల పట్టుకుని నిలబడ్డారు. ఒక నిర్ణీత సమయానికి ఆయన ఈల వేస్తారు, ఈల కంటే ముందు ఆమె గీత దాటితే ఆ పరుగు లెక్కలోకి రాదు. నేను చూసిన నాలుగు పరుగుల్లో రెండుసార్లు ముందే వచ్చింది. “నీకు ఎవరు తొందర పెట్టారు?” అని ఆయన గట్టిగా కేకలేశారు. పరుగు పందెంలో ముందుగా వచ్చినందుకు తిట్లు తినడం నేను ఎన్నడూ చూడలేదు.

పాత డెస్క్:

మీ మొదటి పేరా మీకు దొరికింది. దాన్ని ఇంకేమీ చేయకండి, చూసినది చూసినట్టు రాయండి.

రైడ్ పాయింట్:

ఇక్కడ నా సంగతి చెప్పవచ్చో లేదో తెలియదు, విషయానికి సంబంధించినదే కనుక చెప్తున్నాను. నేను ఒకప్పుడు జూనియర్ స్థాయిలో కబడ్డీ ఆడాను. నాకు 16 ఏళ్లప్పుడు ఒక పత్రిక నుంచి వచ్చినవాళ్లు మా ఇంటి ముందు ఫొటో తీస్తూ బూట్లు విప్పమన్నారు. నాకు అప్పటికే రెండు జతల బూట్లు ఉన్నాయి. కబడ్డీ మట్టిలో ఆడేటప్పుడు ఎలాగూ వేసుకోం గదా అనుకుని విప్పాను. మర్నాడు “కాళ్లకు చెప్పులు లేకున్నా” అనే హెడ్డింగ్‌తో వచ్చింది. మా నాన్న తాగుతారన్న మాట కూడా రాశారు, అది మా అమ్మ ఏదో మాటల్లో వాళ్లతో అన్నది. నాన్న నెల రోజులు హోటల్ దగ్గరికి టీ తాగడానికి వెళ్లలేదు. నా రైడ్ల గురించి, నేను ఎడమ మూల నుంచి ఎందుకు వెళ్లేదాన్నో, ఒక్క ముక్క లేదు. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, పెళ్లయింది, అయినా నా పేరుతో వెతికితే ఇంటర్నెట్‌లో మొదట వచ్చేది ఆ చెప్పుల్లేని ఫొటోయే.

కలం గారూ, ఆ అమ్మాయికి 17 ఏళ్లు. తల్లిదండ్రులు సరే అన్నారు అనుకోవద్దు. ఇంటికి వచ్చిన పేపరాయనకు మా ఇళ్లలో ఎవరూ వద్దని చెప్పరు.

ఓరుగల్లు వాసి:

అమ్మా, మీకు జరిగినది చదివి బాధ కలిగింది. నేను మొదట అన్న మాట మరోసారి ఆలోచించుకుంటాను. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. ఇంటి పరిస్థితి పూర్తిగా దాచిపెడితే, ఆ అమ్మాయికి కొత్త స్పైక్స్ అవసరమన్నది ఎవరికి తెలుస్తుంది?

పాత డెస్క్:

దాచమని ఎవరూ అనలేదు. నేను పెట్టుకున్న కొలత ఒకటే. పేదరికం పరుగు మీద ఎక్కడ పనిచేసిందో చూపగలిగితే రాయాలి, చూపలేకపోతే అది కేవలం అలంకారం. “పూట గడవని కుటుంబం” అన్న మాట ఆమె పరుగు గురించి నాకేమీ చెప్పదు. వారానికి ఎన్నిసార్లు సింథటిక్ ట్రాక్ మీదికి రాగలుగుతోంది, బస్సుకు ఎంత అవుతుంది, మార్కెట్ సీజన్‌లో తండ్రి తెల్లవారుజామునే వెళ్లిపోతే ఆమెను ఎవరు తీసుకొస్తున్నారు, ఇవి చెప్తాయి. కలం గారూ, ఊళ్లో ఆమె ఎక్కడ పరుగెత్తడం మొదలుపెట్టిందో అడిగారా?

కాజీపేట కలం:

అడిగాను, మీరు అడగకపోతే దాన్ని పక్కన పెట్టేసేవాణ్ని. ఊరి బడి ఆవరణలోనే మొదలుపెట్టింది. అడుగులతో కొలిచి చూశాను, చుట్టూ ఒక రౌండు 150 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మలుపులు చాలా ఇరుకు. ఒక మూలన వేపచెట్టు, ఇంకో మూలన బోరింగు. అక్కడ వెనుకబడితే పక్క నుంచి దాటడానికి చోటు లేదు. మొదటి మలుపులో ఎవరు ముందుంటే చివరి దాకా వాళ్లే ముందు. “అందుకే మొదట్లోనే ఉరకడం అలవాటైంది సార్” అని ఆమే చెప్పింది. కిందటేడు రాష్ట్ర పోటీలో 26.4 సెకన్ల మొదటి సగం అక్కడి నుంచి వచ్చిందని నాకు అనిపిస్తోంది. సొంత లేన్ ఉండే 400 మీటర్ల ట్రాక్ మీద ఆ అలవాటే ఆమెను ముంచింది. సింథటిక్ ట్రాక్ మీదికి ఆదివారాలు మాత్రమే రాగలిగేది. ఈ ఏడాది హాస్టల్‌లో చేరిన తర్వాతే వారానికి ఐదు రోజులు వీలైంది.

స్టాప్‌వాచ్ సార్:

సమాన భాగాల మాట దగ్గర నేను తప్పాను, ఒప్పుకుంటున్నాను. మా శిక్షణలో ఎవరో చెప్పగా విని అలాగే పిల్లలకు చెప్తూ వచ్చాను. అయితే ఈ వేపచెట్టు సిద్ధాంతాన్ని మాత్రం అంత తొందరగా నమ్మలేను. పెద్ద మైదానం ఉన్న బడి పిల్లలు కూడా మొదటిసారి 400 పరుగెత్తేటప్పుడు అలాగే ఉరుకుతారు. నా దగ్గర ఏటా పదిమందైనా అలాంటివాళ్లు ఉంటారు. బడి ఆవరణ వల్లనే ఆ అలవాటు వచ్చిందని రాస్తే అది కూడా ఒక అందమైన కట్టుకథ అవుతుందేమో చూసుకోండి.

ఫినిష్ లైన్:

సార్ ఈసారి మంచి మాట అన్నారు. అందరు కొత్తవాళ్లూ ఉరుకుతారు, అది నిజం. ఆమె విషయంలో ఆవరణ దాన్ని ముదిరేలా చేసి ఉండవచ్చు, లేదా ఏ సంబంధమూ లేకపోవచ్చు. తేల్చడానికి మన దగ్గర ఆధారం లేదు. ఆమె అలా అనుకుంటోంది అని ఆమె మాటగానే రాయండి, మీ నిర్ధారణగా రాయకండి.

ఇంకొకటి. కిందటేడు ఆమె ఏ లేన్‌లో పరుగెత్తింది? బయటి లేన్‌లో ఉన్నవాళ్లు స్టార్ట్ దగ్గర అందరికంటే ముందు నిలబడతారు, సగం దూరం దాకా వాళ్లకు ఎదురుగా ఎవరూ కనిపించరు. తోటివాళ్లు ఎంత వెనుక ఉన్నారో తెలియక భయంతో ఇంకా ఉరుకుతారు. అదీ ఒక కారణం కావచ్చు.

కాజీపేట కలం:

నా నోట్సులో కిందటేడు ఆరో లేన్ అని ఉంది, ఆమెతో మరోసారి మాట్లాడి సరిచూసుకుంటాను. ఈలోగా మొదటి పేరా మళ్లీ రాశాను, చూడండి:

“సోమవారం ఉదయం ఆరున్నరకు ఆమె ట్రాక్ మీద రెండు వందల మీటర్ల గీతను దాటింది. ఆ తర్వాత క్షణానికి ఈల మోగింది. కోచ్ తల అడ్డంగా ఊపారు. ఈల కంటే ముందు వచ్చిన పరుగు ఇక్కడ చెల్లదు. కిందటేడు ఇదే దూరాన్ని ఇంతకంటే వేగంగా దాటి ఆరో స్థానంలో మిగిలిపోయిన ఈ అమ్మాయి, ఏడాదిగా నేర్చుకుంటున్నది మొదటి సగంలో ఆగడం.”

తండ్రి పని నాలుగో పేరాలో వస్తుంది, ఆదివారం ప్రయాణం గురించి చెప్పేటప్పుడు, మార్కెట్‌కు సెలవు గనుక ఆయనే బండి మీద తీసుకొచ్చేవారన్న వాక్యంలో. ఇంటి ఫొటో వేయడం లేదు.

పాత డెస్క్:

బాగుంది. “ఆగడం” అన్న మాట మాత్రం మార్చండి, ఆమె ఆగడం లేదు కదా. “తొందర తగ్గించుకోవడం” అన్నా చాలు. “కోచ్ తల అడ్డంగా ఊపారు” అన్నది మీరు చూసినదేనా, వాక్యం బాగుంటుందని చేర్చినదా? మొన్న ఆయన కేకలేశారని రాశారు.

కాజీపేట కలం:

పట్టేశారు. చేర్చినదే. కేకలు వేసినది వేసినట్టే పెడతాను.

ఓరుగల్లు వాసి:

పేరా చదివాను, నాకే పరుగెత్తినట్టు ఆయాసం వచ్చింది. స్పైక్స్ సంగతి కింద ఒక చిన్న పెట్టెలో విడిగా వేయడానికి వీలుందా?

రైడ్ పాయింట్:

ఆ పెట్టె వేయాలా వద్దా అన్నది ఆమెనే అడగండి. నేనైతే వద్దనేదాన్ని, ఆమె వద్దంటుందని లేదు.

పాత డెస్క్:

నేను దీని మీద ఎటూ తేల్చుకోలేదు. మా రోజుల్లో వేసేవాళ్లం, వాటివల్ల మేలు జరిగిన పిల్లలూ ఉన్నారు. రాసినది మొత్తం ఆమెకు చూపించనక్కరలేదు కానీ, అంకెలు, తేదీలు, ఇంటి విషయాలు ఆమెకు చదివి వినిపించండి. పెట్టె సంగతి అప్పుడే అడగవచ్చు.

కాజీపేట కలం:

నిన్న సాయంత్రం ఫోన్‌లో చదివి వినిపించాను. పెట్టె గురించి ఆలోచించి చెప్తానంది, ఇంకా చెప్పలేదు. తండ్రి వాక్యం విని ఏమీ అనలేదు. లేన్ దగ్గర మాత్రం ఆపింది. కిందటేడు ఆరో లేన్ కాదట, ఎనిమిదో లేన్ అట. తన ముందు ఎవరూ లేరని, వెనుక అడుగుల చప్పుడు మాత్రం వినిపించిందని చెప్పింది. వీడియో మళ్లీ చూశాను, ఎనిమిదే. అంటే నేను తప్పు లేన్ గీత దగ్గర లెక్కపెట్టాను. ఈ రాత్రి మొదటి సగం మళ్లీ లెక్కపెట్టాలి. కోచ్ కూడా ఫోన్ చేశారు, వచ్చే నెల పోటీ అయ్యేదాకా ఈల ఎన్ని సెకన్లకు వేస్తారో రాయవద్దని అడిగారు. దానికి ఒప్పుకున్నాను.

ఫినిష్ లైన్:

ఆరో లేన్ గీతకూ ఎనిమిదో లేన్ గీతకూ మధ్య ఏడు మీటర్లకు పైగా ఉంటుంది, అంటే దాదాపు సెకను తేడా. ఎనిమిదో లేన్ గీత ముందుకు ఉంటుంది కనుక మీ 26.4 నిజానికి 27.3 దరిదాపుల్లోకి వెళ్లిపోవచ్చు. అదే జరిగితే రెండేళ్ల మొదటి సగాలకూ పెద్ద తేడా మిగలదు, మీ కథ మళ్లీ మొదటికొస్తుంది. లెక్కపెట్టి చెప్పండి, నేను మేలుకునే ఉంటాను.